సర్టిఫికెట్టులో కులం, దస్తావేజులో ఆడబిడ్డ

(రుద్రవరంలో జరిగిన స్మారకోపన్యాసం పాఠం)

ఎవరి జ్ఞాపకంగా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ఈ ఊళ్ళో సాంఘికశాస్త్రం చెప్పేవారు. పిల్లలెవరైనా "కులం ఎప్పుడు పుట్టింది సార్?" అని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేసేవారట: "అది సరే, ఈరోజు పొద్దున దాన్ని ఎవరు నిలబెట్టినారు?" ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు ఆ ప్రశ్న మీదనే మాట్లాడతానని ఒప్పుకున్నాను. యూనివర్సిటీల్లో దానికి సామాజిక నిర్మాణవాదం అని పెద్ద పేరుంది. పేరు పక్కన పెడదాం, విషయం చూద్దాం.

ఈ వాదం చెప్పేది చిన్న మాటే. కులం, ఆడ మగ తేడాలకు మనం తగిలించిన అర్థాలు, హక్కులు, ఆంక్షలు ప్రకృతిలోనుంచి ఊడిపడలేదు. మనుషులు చేసినవి, చేస్తూ ఉన్నవి. 1966లో పీటర్ బెర్గర్, థామస్ లక్‌మన్ అనే ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు ఈ ఆలోచనను ఒక పుస్తకంగా రాశారు. మనుషులు చేసుకున్న ఏర్పాటే తరం గడిచేసరికి బయటి వస్తువులాగ ఎదురు నిలుస్తుందని, దాంట్లో పుట్టిన పిల్లవాడికి అది కొండలాగ, ఏరులాగ ముందునుంచే ఉన్నట్టు కనిపిస్తుందని వాళ్ళు వివరించారు.

ఇక్కడే రెండు వైపులనుంచి తప్పు అర్థాలు వస్తాయి. ఒకాయన, "మనిషి చేసిందే కదా, అంటే లేనట్టే, మనం పట్టించుకోకుంటే పోతుంది" అంటాడు. ఈయన సాధారణంగా పట్టించుకోకున్నా నష్టం లేని ఇంట్లో పుట్టినవాడై ఉంటాడు. ఇంకొకాయన కోపంగా, "మా వాడలో జరిగేది కల్పన అంటావా? దెబ్బలు కల్పనా?" అంటాడు. ఆయన కోపం న్యాయమైనదే, కానీ నిర్మాణవాదం ఆ మాట అనడంలేదు. పొలం గట్టు ఎవరో ఒకరు వేసిందే. వేసిందే కాబట్టి నీళ్ళు ఆగకుండా పోతాయా? ఆ గట్టు కోసం తలలు పగలడంలేదా? చేసిన వస్తువుకు బరువుండదని ఎవరూ చెప్పలేదు. ఏటా మట్టి వేసి దాన్ని నిలబెట్టే చేతులు ఎవరివో చూడమని మాత్రమే ఈ వాదం అడుగుతుంది.

మనవాళ్ళలో ఈ చూపు బెర్గర్ పుస్తకానికి యాభై ఏళ్ళ ముందే ఉంది. 1916 మే నెలలో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో పాతికేళ్ళ అంబేడ్కర్ ఒక సెమినార్లో భారతదేశంలో కులాల పుట్టుక గురించి పత్రం చదివారు. అందులో ఆయన కులానికి రక్తాన్ని గానీ రంగును గానీ మూలంగా ఒప్పుకోలేదు. లోపలి పెళ్ళే కులం అన్నారు. ఒక గుంపు బయటివాళ్ళతో పెళ్ళి మానేసి తలుపు మూసుకుంటే అది కులమవుతుంది.

తలుపు మూసుకోవడం మాటల్లో సులభం. గుంపులో ఆడ మగ లెక్క ఎప్పుడూ సరిపోదు. భర్త పోతే ఒక స్త్రీ మిగులుతుంది. ఆమె మళ్ళీ పెళ్ళాడితే లోపల ఒక కన్నెపిల్లకు దక్కాల్సిన వరుడు తగ్గుతాడు, బయటివాణ్ణి చేసుకుంటే తలుపు తెరుచుకుంటుంది. అందుకని సహగమనం, లేకుంటే బలవంతపు వైధవ్యం. భార్య పోతే మగవాడు మిగులుతాడు, కానీ అతను గుంపుకు విలువైనవాడు, కాల్చేయరు. ఇంకా పెళ్ళీడు రాని పిల్లల్లోనుంచి ఒకతెను తెచ్చి అతనికి కడతారు. అదే బాల్యవివాహం. అంబేడ్కర్ లెక్క ఇంత నిర్దాక్షిణ్యంగా సాగుతుంది. కులం గోడకు ఆడవాళ్ళ బతుకులే ఇటుకలు. కులం ఒక విషయం, ఆడ మగ ఇంకొక విషయం అని రెండు వేరువేరు ఉపన్యాసాలు చేసేవాళ్ళు ఆ పత్రం ఒకసారి తీసి చూడాలి. అది చాలా చిన్నది కూడా.

ఇప్పుడు సిద్ధాంతం చాలు. ఒక కేసు చెప్తాను. న్యాయమూర్తులు తమకు తెలియకుండానే నిర్మాణవాదులైపోయిన కేసు ఇది.

గుంటూరు మెడికల్ కాలేజీలో సీటు కోసం ఒక విద్యార్థి దరఖాస్తు చేశాడు. అతని తల్లిదండ్రులు మాదిగ కులంలో పుట్టి క్రైస్తవం తీసుకున్నారు. 1973లో ఆ అబ్బాయి మతం మార్చుకొని హిందువయ్యాడు, షెడ్యూల్డు కులం కోటాలో సీటడిగాడు. మొదట తాత్కాలికంగా ఎంపిక చేశారు, తర్వాత కాలేజీ కాదన్నది. పుట్టుకతో హిందువు కాదు కనుక ఎస్సీ కాదన్నది. అబ్బాయి హైకోర్టులో గెలిచాడు. కాలేజీ ప్రిన్సిపాలు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1976లో తీర్పు వచ్చింది.

కోర్టు ముందు రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది తేలిక. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందూ మతాన్ని అవలంబించాలి అంటుంది గానీ పుట్టుకతో హిందువై ఉండాలి అనదు, కనుక కాలేజీ పెట్టిన అడ్డు చెల్లదు. రెండోదే అసలు ప్రశ్న. క్రైస్తవుల ఇంట్లో పుట్టినవాడు హిందువైతే, తల్లిదండ్రుల పాత కులంలోకి వస్తాడా? రక్తం చూడాలా, శాస్త్రం చూడాలా? కోర్టు ఆ రెండూ చూడలేదు. ఆ కులంవాళ్ళు అతన్ని తమవాడిగా ఒప్పుకుంటే అతను ఆ కులంవాడే అన్నది. కులమన్నది ఒక సమూహం, ఎవరిని చేర్చుకోవాలో ఆ సమూహం చేతిలో ఉంది అన్నది. ఆ అబ్బాయిని మాదిగలు తమలో కలుపుకున్నారు. సీటు దక్కింది.

చూడండి, ఆ అబ్బాయి కులం ఏమిటో తేల్చింది మనుషుల ఒప్పుకోలు. ఇంతకంటే సూటిగా కులం సామాజిక నిర్మాణమని ఎవరు చెప్పగలరు? అయితే ఆ ఒప్పుకోలు ఉత్త మాట కాదు. దాని మీద ఒక డాక్టరు జీవితం నిలబడింది. చేసిన వస్తువు, బరువున్న వస్తువు, రెండూ ఒకే తీర్పులో పక్కపక్కనే ఉన్నాయి. వాటి మధ్య తగాదా ఏమీ లేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తాను. ఆళ్ళగడ్డకు దగ్గరలోని ముత్యాలపాడులో 19వ శతాబ్దం నడుమ ఇంగ్లండు చర్చికి చెందిన ఎస్‌పీజీ మిషను స్థిరపడింది. అక్కడినుంచి నంద్యాల, కలసపాడు, గిద్దలూరు వైపు పల్లెపల్లెకూ పాకింది. చేరినవాళ్ళలో ఎక్కువమంది మాలలు. నల్లమల అవతల ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనులో ఎక్కువగా చేరింది మాదిగలు. 1876–78 కరువు తర్వాత 1878లో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మీలో చాలామంది విన్నదే. ఒకే క్రీస్తు, రెండు మిషన్లు, రెండు వాడలు. మతం మారినా కులం గీత చెరగలేదు, చాలాచోట్ల ఏ చర్చికి పోతారన్న దాంట్లోనే ఆ గీత కనిపించింది. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు "మీరు ఏ మిషను?" అని అడిగే పెద్దాయనకు కావలసింది దేవుడి వివరం కాదు.

అయితే కాగితం మీద మాత్రం కులం మారిపోయింది. 1950 ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను, వాళ్ళ సంతానాన్ని వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపుగా పెట్టారు, వాటా ఒక శాతం. 1977లో రాష్ట్ర ప్రభుత్వం ఇంకొక ఉత్తర్వు ఇచ్చింది. చట్టం తప్పనిసరి చేయని ఆర్థిక సహాయాలు ఎస్సీ క్రైస్తవులకు కూడా ఇవ్వచ్చని దాని సారం.

ఫలితం చూద్దాం. పాలెంలో ఒక ఇంట్లో ఒక మనిషి ఉన్నాడనుకోండి, తాత నాడే మిషనులో చేరిన ఇల్లు. ఉద్యోగం దరఖాస్తు దగ్గర అతను బీసీ-సి. ఏదో సహాయ పథకం దగ్గర ఎస్సీతో సమానం. ఎవరో కులం పేరెత్తి తిట్టి కొట్టారనుకోండి, 1989 నాటి అట్రాసిటీ చట్టం దగ్గర అతను ఏమీ కాడు. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు తీర్పు కూడా అదే, క్రైస్తవం అవలంబిస్తున్నవాడు ఆ చట్టాన్ని అడ్డం పెట్టుకోలేడని. కొట్టినవాడు మాత్రం కొట్టేముందు బాప్తిస్మం సర్టిఫికెట్టు అడగడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. కులం ఒకే నిర్మాణం కాదు, కనీసం రెండు. ఒకటి ఆఫీసులో కట్టింది, సర్టిఫికెట్టు, జాబితా, రోస్టరు. రెండోది వాడలో కట్టింది, ఇళ్ళ వరుస, శ్మశానం, పెళ్ళి, పొలంలో ఎవరు యజమాని ఎవరు కూలి అన్న సంగతి. మొదటిదాన్ని ఒక కలంపోటుతో మార్చచ్చు. రెండోదాన్ని మార్చాలంటే భూమి చేతులు మారాలి, పెళ్ళిళ్ళు మారాలి, తరాలు పడుతుంది. రెండూ మనుషులు చేసినవే, కానీ వాటి వేగాలు వేరు. మొదటిది మారింది గనుక రెండోది కూడా మారిపోయిందని అనుకోవడమే అన్యాయానికి దారి. "నిర్మాణమే కదా" అని తేలిగ్గా తీసేసేవాడు చేసే తప్పు, "మతం మారావు కదా" అని ఫైలు మూసేసేవాడు చేసే తప్పు, రెండూ ఒకటే.

సుప్రీంకోర్టు ఈ చిక్కును గమనించకపోలేదు. 1985లో మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒకాయన కేసు వచ్చింది. ఆయన ఆదిద్రావిడుడు, క్రైస్తవుడు. చెప్పులు కుట్టే ఎస్సీలకు ప్రభుత్వం బంకులిచ్చింది, ఈయనకివ్వలేదు. కోర్టు ఏమన్నదంటే, మతం మారిన తర్వాత కూడా కులం ఉందని చూపితే చాలదు, హిందూ సమాజంలో ఎంత తీవ్రంగా అణచిందో కొత్త మతంలోనూ అంతే తీవ్రంగా అణచివేస్తోందని ఆధారాలు చూపాలి అన్నది. ఆధారాలు చాలలేదని ఆయన ఓడిపోయాడు. తీర్పు నాకు నచ్చలేదు. రోడ్డు మీద కూర్చున్నవాడు దేశం మొత్తానికి సర్వే ఎక్కడ తెస్తాడు? కానీ కోర్టు అడిగిన ప్రశ్న మంచిది. పేరు సంగతి పక్కన పెట్టి, బరువు తూచి చూపమన్నది. ఆ తూకానికి 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఒక జవాబు చెప్పింది, ఎస్సీ హోదాను మతంనుంచి విడదీయమన్నది. ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. 2022లో అదే ప్రశ్న మీద బాలకృష్ణన్ కమిషను వేశారు.

ఆడ మగ విషయానికి వద్దాం. ఇక్కడ అపార్థం ఇంకా ఎక్కువ. గర్భం, కాన్పు, పాలివ్వడం శరీరానికి సంబంధించినవి, వాటిని కల్పన అని ఎవరూ అనలేదు. కానీ ఆ శరీరానికి పన్నెండెకరాల్లో ఎంత వాటా అన్నది శరీరం చెప్పదు. ఎవరు చెప్పారో ఒక లెక్కలో చూద్దాం.

ఒక ఇంట్లో తండ్రి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. తల్లి లేదు. పిత్రార్జితం పన్నెండెకరాలు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిత్రార్జితంలో పుట్టుకతో హక్కున్నది తండ్రీకొడుకులకే. కాబట్టి ముందు చెరి ఆరెకరాలు. తండ్రి ఆరు ముగ్గురు పిల్లలకు తలా రెండు. మొత్తం మీద కొడుక్కి ఎనిమిది, కూతుళ్ళకు రెండేసి.

ఎన్‌టీఆర్ ప్రభుత్వ కాలంలో మన రాష్ట్రం ఈ చట్టాన్ని సవరించింది. దేశంలోనే అలా చేసిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి. 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి కూడా పుట్టుకతో కొడుకుతో సమానమైన హక్కు. ఒక మెలిక, ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి ఇది లేదు. ఇప్పుడు మన ఇంట్లో పెద్దమ్మాయికి 1985 వేసవిలో పెళ్ళయింది, చిన్నమ్మాయికి మరుసటి ఏడు అయింది అనుకుందాం. తండ్రి, కొడుకు, చిన్నమ్మాయి, మూడు భాగాలు, తలా నాలుగెకరాలు. తండ్రి నాలుగెకరాలు మళ్ళీ ముగ్గురు పిల్లలకు. కొడుక్కి, చిన్నమ్మాయికి తలా ఐదెకరాల ముప్పై మూడు సెంట్లు. పెద్దమ్మాయికి ఎకరా ముప్పై మూడు సెంట్లు. పాత చట్టంలో వచ్చిన రెండెకరాలు కూడా ఆమెకు రాలేదు.

ఇద్దరిదీ ఒకే కడుపు, ఒకే శరీర ధర్మం. మధ్యలో ఉన్నది పెళ్ళి పత్రిక మీది తేదీ. 2005 సెప్టెంబరు 9న కేంద్రం చేసిన సవరణ ఆ మెలికను తీసేసింది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా విస్పష్టం చేసింది. 2005 సవరణ తర్వాత తండ్రి పోయి ఉంటే, అప్పటికి పంపకం జరగకుండా ఉంటే, లెక్క తలా నాలుగెకరాలు. "కూతురు" అనే మనిషి ఎవరన్నది రెండుసార్లు మారింది, మారిన ప్రతిసారీ సెంట్లలో తేడా వచ్చింది.

మరి ఆఫీసులో కట్టింది మారింది కదా, ఇంట్లో కట్టింది మారిందా? సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చొని చూడండి. అక్కచెల్లెళ్ళు వచ్చి అన్న పేరిట హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేసి వెళ్తుంటారు. ఎవరూ మెడ మీద కత్తి పెట్టరు. "కట్నమిచ్చినాము కదా" అంటారు. "రేపు నీకేదన్నా అయితే పుట్టింటి గడప ఉండాల కదమ్మా" అని పెద్దలు మెల్లగా చెప్తారు. ఆమె లెక్క వేసుకుంటుంది. కోర్టుకు పోతే నాలుగెకరాలు రావచ్చు, ఎన్నేళ్ళకో. సంతకం పెడితే పండక్కి చీర, మొగుడు తన్నితే వచ్చి తలదాచుకునే ఇల్లు. ఆమె చేసేది తెలివితక్కువ పని కాదు, తనకున్న దారుల్లో మేలైనదే ఎంచుకుంటోంది. నిర్మాణం అంటే ఇదే. మనసులోని మూఢనమ్మకం మీద నిలిచేది కొంతే, మిగతాదంతా వేరే దారి లేకపోవడం మీద నిలుస్తుంది. ఆమెకు అవగాహన సదస్సు పెడితే చాలదు.

ఆ సంతకంతో పొలం పాసుపుస్తకంలో ఆమె పేరుండదు. పేరు లేకుంటే పంటరుణం అడగడం కష్టం, నష్టపరిహారం జాబితాలో పేరు ఎక్కడం కష్టం. పొద్దున్నుంచి మాపటిదాకా కలుపు తీసినా కాగితంలో ఆమె రైతు కాదు, రైతు భార్య. కూలికి పోయినా అంతే. ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు, 1976లోనే సమాన వేతన చట్టం వచ్చినా సరే. ఆ తేడాకు బలం కారణమంటారు. వరినాట్లు ఎకరా లెక్కన గుత్తకు తీసుకున్నప్పుడు అదే ఆడవాళ్ళ బలం మీద ఎవరికీ అనుమానం రాదు.

చివరికి ఇది శరీరంలోకీ దిగుతుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి రక్తం తక్కువ. ఆ రక్తహీనత ల్యాబ్ రిపోర్టులో అంకెగా కనిపించే నిజం. దానికి కారణం ఎవరు ముందు తినాలన్న ఏర్పాటు. డాక్టరు ఐరన్ మాత్ర రాస్తాడు, రాయాల్సిందే. కానీ ఆ అంకెను చూపి "ఆడవాళ్ళు సహజంగా బలహీనులు" అని ఎవరైనా అంటే, ఫలితాన్ని తీసుకొచ్చి కారణమని చూపుతున్నట్టు. నిర్మాణవాదం ఎక్కువగా పనికొచ్చేది ఈ తప్పు పట్టుకోవడానికే.

ఒక అభ్యంతరానికి జవాబు చెప్పి ముగిస్తాను. కులాన్ని లెక్కపెడితే కులాన్ని మనమే గట్టిపరిచినట్టు కదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతున్నారు. 1931 తర్వాత జనగణనలో అన్ని కులాలనూ లెక్కపెట్టలేదు. రాబోయే జనగణనలో లెక్కపెడతామని 2025 ఏప్రిల్లో కేంద్రం ప్రకటించింది. అభ్యంతరంలో కొంత నిజం ఉంది. ఫారంలో గడి ఉంటే జనం ఆ గడికి సరిపోయేలా తమను తాము సర్దుకుంటారు, కొత్త సంఘాలు పుడతాయి. ఇయాన్ హ్యాకింగ్ అనే కెనడా తత్వవేత్త దీన్ని చాలా వివరంగా చెప్పాడు. ఇనుముకు మనం పెట్టిన పేరు ఇనుముకు తెలియదు, మనిషికి మాత్రం తెలుస్తుంది, తెలిసి మారతాడు. కానీ తొంభై ఏళ్ళకు పైగా లెక్కపెట్టకుండా ఉన్నాం. ఆ తొంభై ఏళ్ళలో లోపలి పెళ్ళి తగ్గిందా? గణకుడు రాని ఏళ్ళలో కూడా పెళ్ళిళ్ళ పేరయ్య వస్తూనే ఉన్నాడు.

కాబట్టి లెక్కపెట్టడమా మానడమా అన్నదాని మీద నాకు పెద్ద పట్టింపు లేదు, ఏం లెక్కపెడతారన్నదాని మీద ఉంది. కులం పేరొక్కటే రాసుకుపోతే ఆఫీసులో కట్టినదాన్నే మళ్ళీ కట్టినట్టు. ఆ పేరు పక్కన సెంట్లు ఎన్ని, పాసుపుస్తకం ఎవరి పేరిట, ఇల్లు ఊళ్ళోనా పాలెంలోనా, చనిపోతే పూడ్చేది ఎక్కడ, మతం మారి ఎన్ని తరాలైంది, విడుదల దస్తావేజు రాసిన ఆడబిడ్డలు ఎంతమంది, ఇవి కూడా అడిగితే మద్రాసు చెప్పులు కుట్టే ఆయన తేలేకపోయిన ఆధారాలు దొరుకుతాయి. రుద్రవరం మండలంలో ఒక్క ఊరు తీసుకొని ఇంటింటికీ తిరిగి ఈ పట్టిక నింపడం డిగ్రీ పిల్లలు సెలవుల్లో చేయగల పనే. పట్టిక నమూనా నేను తెచ్చాను, సభ అయ్యాక కావలసినవాళ్ళు తీసుకోండి.